రెండు బ్రాడ్‌బ్యాండ్ లైన్లు, ఒకే రౌటర్: లోడ్ బ్యాలెన్సింగ్ పెట్టాలా, ఫెయిలోవర్ చాలా?

ఇంట్లో రెండో లైన్ పెట్టించుకున్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే. "100 ఎంబీపీఎస్ లైన్ ఒకటి, 50 ఎంబీపీఎస్ లైన్ ఒకటి ఉన్నాయి. రెండూ ఒకే రౌటర్‌కి కలిపితే 150 వస్తుంది కదా?" స్పీడ్ టెస్ట్ పెడితే 150కి దగ్గరగానే చూపిస్తుంది కూడా. అది చూసి చాలామంది లోడ్ బ్యాలెన్సింగ్ ఆన్ చేసేస్తారు. రెండు వారాలు గడిచాక ఇంట్లో ఎవరో ఒకరు "ఈ మధ్య నెట్ ఏదో తేడాగా ఉంది" అనడం మొదలుపెడతారు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, లోడ్ బ్యాలెన్సింగ్ కావాలో, ఒక లైన్ పోతేనే రెండోదానికి మారే ఫెయిలోవర్ సరిపోతుందో మీరే తేల్చుకోగలరు.

లోడ్ బ్యాలెన్సింగ్ చేసే రౌటర్ రెండు లైన్లను కలిపి ఒక పెద్ద లైన్‌గా మార్చదు. మీ ఇంట్లోంచి బయటికి వెళ్లే ఒక్కో కనెక్షన్‌నీ చూసి, దీన్ని మొదటి లైన్‌లో పంపు, దాన్ని రెండో లైన్‌లో పంపు అని పంచుతుంది. ఒకసారి ఒక లైన్‌లో మొదలైన కనెక్షన్ చివరిదాకా ఆ లైన్‌లోనే నడవాలి. మధ్యలో మార్చడం కుదరదు, ఎందుకంటే రెండు లైన్లకూ వేర్వేరు ఐపీ అడ్రస్‌లు ఉంటాయి. అవతలి సర్వర్ దృష్టిలో మీరు ఆ అడ్రస్సే. సరుకు లారీ ఏలూరు మీదుగా బయల్దేరితే ఏలూరు మీదుగానే వెళ్తుంది. సగం లారీని గుడివాడ మీదుగా పంపలేం. పది లారీలుంటే ఐదు ఇటూ ఐదు అటూ పంపొచ్చు, అంతే.

స్పీడ్ టెస్ట్ ఒకేసారి ఎన్నో కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి అవి రెండు లైన్లలోనూ సర్దుకుని మొత్తం కనిపిస్తుంది. మామూలు పనులు అలా ఉండవు. 6 జీబీ ఫైల్ ఒకటి బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ పెట్టారనుకుందాం. 6 జీబీ అంటే 48,000 మెగాబిట్లు. 100 లైన్‌లో పడితే 480 సెకన్లు, అంటే 8 నిమిషాలు. 50 లైన్‌లో పడితే 16 నిమిషాలు. రౌటర్ 2:1 లెక్కన పంచుతుంటే, మూడుసార్లలో రెండుసార్లు 8 నిమిషాలు, ఒకసారి 16 నిమిషాలు పడుతుంది. సగటు తీస్తే 10 నిమిషాల 40 సెకన్లు. అదే ఫెయిలోవర్‌లో మెయిన్ లైన్ ఎప్పుడూ 100దే కాబట్టి, లైన్ ఖాళీగా ఉంటే ప్రతిసారీ 8 నిమిషాలే. అంటే ఒక మనిషి ఒక ఫైల్ దింపుకునేటప్పుడు లోడ్ బ్యాలెన్సింగ్ సగటున నెమ్మదిగా ఉంటుంది. ఈ లెక్క నేను మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు నాకే ఆశ్చర్యం వేసింది. ఒకే ఫైల్‌ని ముక్కలు చేసి చాలా కనెక్షన్లలో దింపే డౌన్‌లోడ్ మేనేజర్లు, టొరెంట్లు, పెద్ద గేమ్ డౌన్‌లోడ్లు మాత్రం రెండు లైన్లనూ వాడుకుంటాయి. వాటికి ఇదే ఫైల్ 5 నిమిషాల 20 సెకన్లలో వచ్చేస్తుంది.

ఫెయిలోవర్ చాలా సాదా ఏర్పాటు. మెయిన్ లైన్ బాగున్నంతసేపూ అన్నీ అందులోనే వెళ్తాయి. అది పోతే రౌటర్ రెండో లైన్‌కి మారుతుంది. తిరిగొస్తే మళ్లీ వెనక్కి వస్తుంది. రెండో లైన్ మిగతా సమయమంతా ఊరికే ఉంటుంది. డబ్బు కట్టి ఊరికే ఉంచడం మనసుకు నచ్చదు. జనం లోడ్ బ్యాలెన్సింగ్ వైపు వెళ్లడానికి అసలు కారణం అదే అని నా అనుభవం. స్పీడ్ తక్కువై కాదు.

మా ఇంట్లో నేనూ మొదట అదే చేశాను. రాజమండ్రిలో ఉంటాం. మా ఆవిడ హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తుంది, రోజంతా ఆఫీస్ వీపీఎన్‌లో ఉండాలి. నాన్నకి టీవీలో వార్తలు, సాయంత్రం పాత సినిమాలు. అబ్బాయికి ఆన్‌లైన్ క్లాసులు, తర్వాత గేమ్‌లు. ఒక పెద్ద కంపెనీ ఫైబర్ 100 ఎంబీపీఎస్, మా వీధి కేబుల్ ఆపరేటర్ ఇచ్చే 50 ఎంబీపీఎస్ రెండూ ఉన్నాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన రౌటర్‌లో `mwan3` అనే ప్యాకేజీతో రెండింటికీ లోడ్ బ్యాలెన్సింగ్ పెట్టాను.

మూడో రోజు నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యూవల్ కోసం ల్యాప్‌టాప్‌లో బ్యాంకు సైట్ తెరిచారు. లాగిన్ అయింది. పేరు, ఖాతా నంబరు కనిపించాయి. డిపాజిట్ల పేజీ నొక్కగానే సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి అని వచ్చింది. మళ్లీ అదే. నాలుగోసారి పాస్‌వర్డ్ తొందరలో తప్పుకొట్టడంతో ఖాతా ఆ రోజుకి లాక్ అయింది. ఆయన టెన్షన్ పడి, "ఎవరైనా మన అకౌంట్‌లో దూరారేమోరా" అని బ్యాంకుకి వెళ్తానన్నారు. జరిగింది ఏంటంటే, లాగిన్ పేజీ ఫైబర్ లైన్‌లో వెళ్లింది, తర్వాతి పేజీ కోసం బ్రౌజర్ తెరిచిన కొత్త కనెక్షన్ కేబుల్ లైన్‌లో వెళ్లింది. క్షణం క్రితం ఒక ఐపీ నుంచి లాగిన్ అయిన మనిషి ఇప్పుడు వేరే ఐపీ నుంచి వస్తున్నాడు. బ్యాంకు సర్వర్‌కి అది దొంగతనంలా కనిపిస్తుంది. సెషన్ తెంపేయడం దాని జాగ్రత్త.

మీ ఇంట్లో ఇలా జరుగుతోందా లేదా తెలుసుకోవడం తేలిక. నా ఐపీ ఎంత అని చూపించే రెండు మూడు వేర్వేరు సైట్లు ఒకే ల్యాప్‌టాప్‌లో, కొన్ని ప్రైవేట్ విండోలు మార్చి మార్చి తెరవండి. ఒక్కోసారి ఒక్కో అడ్రస్ వస్తుంటే బ్యాంకు సైట్లలో, ప్రభుత్వ పోర్టళ్లలో, పరీక్షల దరఖాస్తుల్లో ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. అన్ని సైట్లూ ఇంత కచ్చితంగా ఉండవు. కానీ ఉండేవన్నీ సరిగ్గా మనకి ముఖ్యమైన పనులవే.

దీనికి మందు ఉంది. ఒక పరికరం ఒక లైన్ పట్టుకుంటే కొంతసేపు అదే లైన్‌లో ఉండేలా చేసే సెట్టింగ్ అది. `mwan3`లో దాని పేరు `sticky`. కొన్ని రౌటర్లలో వేరే పేర్లతో ఉంటుంది. 443 పోర్టుకి, అంటే సురక్షిత వెబ్‌సైట్లు నడిచే పోర్టుకి దీన్ని ఆన్ చేస్తే బ్యాంకు గొడవ తీరుతుంది. నేనూ చేశాను, తీరింది. అయితే అప్పుడు ఇంకో సంగతి గమనించాను. ఈ రోజుల్లో ఇంట్లో నడిచే దాదాపు అంతా ఆ 443 పోర్టులోనే వెళ్తుంది: వీడియోలు, యాప్‌లు, ఫోటోలు, క్లాసులు. దాన్నంతా ఒక పరికరానికి ఒక లైన్ అని కట్టేస్తే ఇక లోడ్ బ్యాలెన్సింగ్ అనేది మిగలదు. మిగిలేది ఒక రకమైన పంపకం. టీవీ ఒక లైన్‌లో, ల్యాప్‌టాప్ ఒక లైన్‌లో పడతాయి, కాకపోతే ఏది ఎందులో పడుతుందో రౌటర్ ఇష్టం. మా ఆవిడ ఆఫీస్ ల్యాప్‌టాప్ కేబుల్ లైన్‌లో, నాన్న టీవీ ఫైబర్‌లో పడిన రోజులున్నాయి. పంపకమే చేసేటప్పుడు అది మనమే చేయొచ్చు కదా అన్న ఆలోచన నాకు అక్కడ వచ్చింది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఫెయిలోవర్‌ని సరిగ్గా పెట్టడం చూద్దాం, ఎందుకంటే సగం మంది ఇళ్లలో అది పెట్టి ఉంటుంది కానీ అవసరానికి పనిచేయదు.

ఫైబర్ తెగినప్పుడు ఏమవుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. గోడకున్న తెల్ల డబ్బా మీద `LOS` లైట్ ఎర్రగా వెలుగుతుంది. కానీ ఆ డబ్బాకీ మీ రౌటర్‌కీ మధ్య ఉన్న ల్యాన్ కేబుల్ బాగానే ఉంది. రౌటర్ పోర్టు దగ్గర పచ్చ లైట్ మామూలుగానే మెరుస్తూ ఉంటుంది. డబ్బా ఐపీ ఇస్తూనే ఉంటుంది. రౌటర్ కేవలం ఆ పోర్టునే చూసుకుంటుంటే, లైన్ బ్రహ్మాండంగా ఉందనుకుని అన్నీ అందులోకే పంపుతూ కూర్చుంటుంది. రెండో లైన్ పక్కనే ఖాళీగా ఉన్నా ఇంట్లో నెట్ ఉండదు. అందుకే రౌటర్ బయట ఎక్కడో దూరంగా ఉన్న అడ్రస్‌ని పలకరిస్తూ, అంటే పింగ్ చేస్తూ ఉండాలి. ఒక్క అడ్రస్ సరిపోదు, అది కాసేపు పలక్కపోతే లైన్ బాగున్నా పోయిందనుకుంటుంది. రెండు పెట్టి, ఏ ఒక్కటి పలికినా లైన్ ఉన్నట్టే అని చెప్పాలి. నా దగ్గర ఇలా ఉంది:

```
config interface 'wan'
	option enabled '1'
	list track_ip '1.1.1.1'
	list track_ip '8.8.8.8'
	option reliability '1'
	option timeout '2'
	option interval '5'
	option down '3'
	option up '8'
```

5 సెకన్లకోసారి చూస్తుంది. వరుసగా 3 సార్లు రెండు అడ్రస్‌లూ పలక్కపోతే లైన్ పోయినట్టు. పలకని ఒక్కో అడ్రస్ కోసం 2 సెకన్లు ఆగుతుంది కూడా, కాబట్టి మారడానికి 20 నుంచి 30 సెకన్లు. తిరిగి రావడానికి మాత్రం వరుసగా 8 సార్లు పలకాలి, అంటే సుమారు 40 సెకన్లు. ఈ రెండో అంకెను ఎక్కువ పెట్టడం కావాలనే. వానలో ఫైబర్ అర నిమిషం వచ్చి అర నిమిషం పోతూ ఉంటుంది. వచ్చిన వెంటనే వెనక్కి మారితే ఇంట్లో అన్నీ ప్రతి నిమిషం తెగి అతుక్కుంటూ ఉంటాయి. లైన్ లేకపోవడం కన్నా అది ఎక్కువ చికాకు.

రెండో లైన్ బ్లాకులో కూడా `track_ip` లు ఉండాలి. అది లేకపోతే మారిన తర్వాత ఆ లైన్ కూడా చచ్చి ఉందని రౌటర్‌కి తెలియదు.

ఫెయిలోవర్ చేయలేని పని ఒకటుంది, దాన్ని ముందే తెలుసుకుని ఉండటం మంచిది. లైన్ మారినప్పుడు ఐపీ మారుతుంది కాబట్టి అప్పటికి నడుస్తున్న కనెక్షన్లు తెగుతాయి. మా ఇంట్లో వీడియో కాల్ మధ్యలో ఫైబర్ పోతే బొమ్మ ఆగిపోయి, పాతిక ముప్పై సెకన్లలో యాప్ తనంతట తాను మళ్లీ కలుస్తుంది. వీపీఎన్ కూడా అలాగే మళ్లీ లాగిన్ అవుతుంది. ఒక్క కాల్ కూడా తెగకూడదంటే ఈ రెండు పద్ధతుల్లో ఏదీ పనికిరాదు. లోడ్ బ్యాలెన్సింగ్‌లోనూ పోయిన లైన్‌లో ఉన్న కాల్ తెగుతుంది, రెండో లైన్‌లో ఉన్నది మాత్రం బతుకుతుంది. తెగకుండా ఉండాలంటే రెండు లైన్లనూ బయట అద్దె సర్వర్ దగ్గర నిజంగా కలిపే బాండింగ్ కావాలి. దానికి నెలనెలా వేరే ఖర్చు. ఇళ్లకి అంత అవసరం ఉంటుందని నేను అనుకోను.

లైన్ పూర్తిగా పోకుండా కుంటుతూ నడిచినప్పుడు ఈ రెంటికీ మధ్య తేడా ఇంకా బాగా బయటపడుతుంది. స్తంభం దగ్గర అతుకు వదులై పదింట మూడు ప్యాకెట్లు పోతున్నాయనుకోండి. పింగ్ అప్పుడప్పుడు పలుకుతూనే ఉంటుంది, కాబట్టి రౌటర్ లైన్ బాగుందనే అనుకుంటుంది. ఫెయిలోవర్‌లో కుంటేది మెయిన్ లైన్ అయితే ఇల్లంతా నెమ్మదిస్తుంది. అందరికీ ఒకేసారి తెలుస్తుంది. మీరు రౌటర్ పేజీలోకి వెళ్లి రెండో లైన్‌కి మార్చేస్తారు, కంపెనీకి ఫోన్ చేస్తారు. లోడ్ బ్యాలెన్సింగ్‌లో అయితే ఒక ఫోటో టక్కున తెరుచుకుంటుంది, పక్కది తిరుగుతూ ఉంటుంది. పేజీ రిఫ్రెష్ చేస్తే సరిగ్గా వస్తుంది. ఒకరికి బాగుంటుంది, ఒకరికి ఉండదు. ఫోనుది తప్పా, సైట్‌ది తప్పా, వైఫైది తప్పా తేలక వారం గడిచిపోతుంది. మా ఇంట్లో నాలుగు రోజులు అబ్బాయి గేమ్‌ని తిట్టాం, తర్వాత వైఫై ఛానెల్ మార్చాం. చివరికి కేబుల్ లైన్ ఒక్కదాన్ని ఆపి చూస్తే గాని అసలు జబ్బు దొరకలేదు. అందుకే లోడ్ బ్యాలెన్సింగ్‌లో ఏ ఫిర్యాదు వచ్చినా మొదటి పని, ఒక లైన్ పీకి పది నిమిషాలు చూడటం, తర్వాత రెండోది పీకి చూడటం.

ఇప్పుడు మధ్య దారి గురించి. ఫెయిలోవర్ అలాగే ఉంచి, ఏ పరికరం మామూలు రోజుల్లో ఏ లైన్ వాడాలో మనమే రాసిపెట్టడం. నాన్న టీవీకి కేబుల్ లైన్ మెయిన్, ఫైబర్ బ్యాకప్. మిగతా అందరికీ ఫైబర్ మెయిన్, కేబుల్ బ్యాకప్. రెండు లైన్లూ పనిచేస్తున్నాయి, ఏదీ ఊరికే లేదు. ఏ పరికరమైనా ఒక సమయంలో ఒకే ఐపీ నుంచి వెళ్తుంది కాబట్టి బ్యాంకుతో గొడవ లేదు. ఏది పోయినా రెండోది అందుకుంటుంది. దీన్ని రాసే తీరు చూస్తే లోడ్ బ్యాలెన్సింగ్‌కీ ఫెయిలోవర్‌కీ మధ్య ఉన్నది ఒక్క అంకె అని తెలుస్తుంది:

```
config member 'fiber_m1'
	option interface 'wan'
	option metric '1'
	option weight '2'

config member 'cable_m2'
	option interface 'wanb'
	option metric '2'
	option weight '1'

config policy 'fiber_first'
	list use_member 'fiber_m1'
	list use_member 'cable_m2'
```

ఇందులో `metric` వరుస సంఖ్య లాంటిది. 1 ఉన్నది పనిచేస్తున్నంతసేపూ 2 ఉన్నదాని వంతు రాదు. అది ఫెయిలోవర్. కేబుల్ మెంబర్‌కి కూడా `metric '1'` రాస్తే ఇద్దరూ ఒకే వరుసలో నిలబడతారు, అప్పుడు `weight` చూసి 2:1 లెక్కన పంచుకుంటారు. అది లోడ్ బ్యాలెన్సింగ్. టీవీ కోసం `cable_m1`, `fiber_m2` అని ఇంకో జత మెంబర్లు, వాటితో `cable_first` అనే పాలసీ రాసి, రౌటర్‌లో టీవీకి ఎప్పుడూ ఒకే లోపలి ఐపీ వచ్చేలా కట్టేసి, ఈ రూల్ పెట్టాను:

```
config rule 'tv'
	option src_ip '192.168.10.50'
	option use_policy 'cable_first'
	option family 'ipv4'
```

రూళ్లలో పైన ఉన్నదే ముందు వర్తిస్తుంది. కాబట్టి ఇది అందరికీ వర్తించే మామూలు రూల్ కన్నా పైన ఉండాలి. కింద రాస్తే టీవీ ఎప్పటికీ దీని దాకా రాదు, అన్నీ సరిగ్గా రాసినా ఎందుకు పనిచేయట్లేదో అర్థం కాదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఇంకో చిక్కు ఉంది. నెట్‌వర్క్ సెట్టింగుల్లో రెండు బయటి లైన్లకూ వేర్వేరు `metric` ఇవ్వాలి (నేను 10, 20 ఇచ్చాను). ఇవ్వకపోతే రెండో లైన్ దారి రౌటర్ పట్టికలోకి సరిగ్గా ఎక్కదు, `mwan3` అది లేదనే చూపిస్తుంది. పైన పాలసీలోని `metric` వేరు, ఇది వేరు.

కమాండ్లు, ఫైళ్లు వద్దనుకునేవాళ్లు టీపీ-లింక్ ఈఆర్605 లాంటి, ఒకటికి మించి బయటి పోర్టులు పెట్టుకోగల రౌటర్ తీసుకోవచ్చు. అందులో ఇవే పనులు `Load Balancing`, `Link Backup`, `Policy Routing` అనే పేజీల్లో ఉంటాయి. దానికి వైఫై ఉండదు. మీ దగ్గరున్న పాత వైఫై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా మార్చి దాని వెనక పెట్టుకోవాలి.

లోడ్ బ్యాలెన్సింగ్ నిజంగా బాగా పనిచేసే చోటు లేదా అంటే, ఉంది. మా బావమరిది హైదరాబాద్‌లో అమీర్‌పేట దగ్గర కోచింగ్‌కి వచ్చే అమ్మాయిల హాస్టల్ నడుపుతాడు. 45 మంది, మనిషికో ఫోన్, సగం మందికి ల్యాప్‌టాప్‌లు. 200 ఎంబీపీఎస్ ఒకటి, 100 ఎంబీపీఎస్ ఒకటి. మొదట ఫెయిలోవర్ పెట్టాడు. రాత్రి 10 గంటలకి ఫోన్ చేశాడు: "బావా, మెయిన్ లైన్ కిక్కిరిసిపోతోంది, రెండోది ఖాళీగా పడుంది. పిల్లలు గొడవ." అక్కడ ఆ సమయంలో వందల కనెక్షన్లు ఉంటాయి. అంత గుంపులో 2:1 పంపకం చక్కగా సర్దుకుంటుంది. ఎవరి ఫోన్ ఏ లైన్‌లో పడినా వాళ్లకి పెద్ద తేడా ఉండదు. మనుషులు ఎక్కువ, పరికరాలు రోజూ మారుతుంటాయి కాబట్టి మా ఇంట్లోలాగా ఒక్కోదానికీ రూల్ రాయడం అక్కడ అయ్యే పని కాదు.

అక్కడ ఉన్నది ఈఆర్605. లోడ్ బ్యాలెన్సింగ్ ఆన్ చేసి రెండు లైన్లనూ టిక్ పెట్టాక కూడా 100 లైన్ నిండిపోయి 200 లైన్ సగం ఖాళీగా కనిపించింది. కారణం చిన్నది. ఆ రౌటర్ లైన్ల వేగాన్ని కొలవదు. ఒక్కో బయటి లైన్ పేజీలో ఉన్న అప్‌స్ట్రీమ్, డౌన్‌స్ట్రీమ్ గడుల్లో మనం రాసిన అంకెను బట్టే పంచుతుంది. ఆ గడుల్లో రెండింటికీ ఒకటే అంకె ఉంది. అందుకని సగం సగం పంచుతోంది. 200000, 100000 అని కేబీపీఎస్‌లో సరైన అంకెలు రాశాక సర్దుకుంది. దానితోపాటు `Application Optimized Routing` అనే టిక్ కూడా పెట్టించాను, ఒకరి ఫోన్ నుంచి ఒక సైట్‌కి వెళ్లేవి ఒకే లైన్‌లో ఉండటానికి. అది ఉన్నాక బ్యాంకు యాప్‌ల గురించి ఫిర్యాదు రాలేదు. వార్డెన్ ఆఫీసులో ఫీజులు, ప్రభుత్వ పోర్టళ్లు చూసే ఒక్క కంప్యూటర్‌కి మాత్రం విడిగా రూల్ రాసి 200 లైన్‌కి కట్టేశాం.

రెంటిలో ఏది ఎంచుకున్నా ముందు తేల్చుకోవాల్సింది, మీ రెండు లైన్లు నిజంగా రెండేనా అన్నది. మన ఊళ్లలో ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ సిబ్బంది కత్తిరించిన సంగతి గుర్తుంది కదా. ఒకే స్తంభం మీద వచ్చే లైన్లయితే కంపెనీలు వేరైనా రెండూ ఒకేసారి పోతాయి. డాబా ఎక్కి చూడండి. రెండు తీగలూ ఒకే స్తంభం నుంచి దిగుతుంటే, మీకున్నది రెండు బిల్లులూ ఒక లైనూ. అలాంటప్పుడు రెండోది మొబైల్ టవర్ మీద వచ్చే 5జీ లైన్ అయితే మేలు. దానికి నెలవారీ డేటా పరిమితి ఎంతో చూసుకోవాలి, టీవీని దానిమీద పెట్టకూడదు. దాంతో లోడ్ బ్యాలెన్సింగ్ అయితే అస్సలు వద్దు, పరిమితి తెలియకుండానే కరిగిపోతుంది.

కరెంటు సంగతి కూడా ఉంది. పెద్ద కంపెనీల ఫైబర్‌లో వాళ్ల ఎక్స్ఛేంజ్‌కీ మీ ఇంటికీ మధ్య సాధారణంగా కరెంటుతో నడిచే పరికరం ఉండదు. కాబట్టి ఇంట్లో డబ్బాకీ రౌటర్‌కీ చిన్న యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా నెట్ ఉంటుంది. వీధి కేబుల్ ఆపరేటర్ది ఒక్కోసారి స్తంభం మీద పెట్టెలో స్విచ్ ఉండి, వీధిలో కరెంటు పోగానే అది కూడా పోతుంది. మా వీధిది అలాంటిదే. అందుకే మాకు ఫైబరే మెయిన్.

కలిపేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లో మొదటిది, రెండు డబ్బాలూ `192.168.1.1` మీదే ఉండటం. మీ రౌటర్ లోపలి వైపు కూడా అదే అయితే మూడు ఒకే పేరుతో ఉన్నట్టు. రౌటర్‌కి ఏది ఎక్కడుందో తెలియక ఒక లైన్ కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఒక డబ్బాని అలాగే ఉంచి, రెండోదాన్ని `192.168.2.1`కి, మీ రౌటర్‌ని `192.168.10.1`కి మార్చుకుంటే సరిపోతుంది. రెండోది డీఎన్‌ఎస్, అంటే సైట్ పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ చెప్పే ఏర్పాటు. చాలా కంపెనీల డీఎన్‌ఎస్ సర్వర్లు బయటి లైన్ల నుంచి వచ్చిన ప్రశ్నలకి జవాబివ్వవు. ఫైబర్ కంపెనీ డీఎన్‌ఎస్ రౌటర్‌లో ఉండిపోయి కేబుల్ లైన్‌కి మారితే, `8.8.8.8`కి పింగ్ వెళ్తుంది గానీ ఒక్క సైటూ తెరుచుకోదు. ఆ లక్షణం కనిపిస్తే అదే కారణం. రౌటర్‌లో `1.1.1.1`, `8.8.8.8` లాంటి అందరికీ పలికే సర్వర్లు పెట్టండి. మూడోది ఐపీవీ6, అంటే పాత ఐపీవీ4 పక్కన నడిచే కొత్త రకం ఐపీ అడ్రస్‌లు. చాలా రౌటర్లలో పైన చెప్పిన పంపకాలన్నీ ఐపీవీ4కే వర్తిస్తాయి. ఐపీవీ6 ఆన్‌లో ఉంటే ఆ ట్రాఫిక్ మీ రూళ్లని పట్టించుకోకుండా ఒకే లైన్‌లో వెళ్తుంది, ఆ లైన్ పోయినప్పుడు ఫోన్లు పాత అడ్రస్ పట్టుకుని కాసేపు వేలాడతాయి. మా ఇంట్లో ఐపీవీ6 ఆపేశాను.

ఫెయిలోవర్‌కి ఉన్న పెద్ద బలహీనత, బ్యాకప్ లైన్ ఎప్పుడు చచ్చిందో మనకి తెలియకపోవడం. రీచార్జ్ అయిపోయి ఉంటుంది, లేదా ఎలుక కొరికి ఉంటుంది. మెయిన్ లైన్ పోయిన రోజు గాని బయటపడదు. నేను నెలకోసారి ఆదివారం పొద్దున, ఎవరికీ పనిలేని వేళ పరీక్షిస్తాను. ల్యాన్ కేబుల్ పీకి చూడటం అసలు పరీక్ష కాదు. అది పీకితే పోర్టు లైట్ ఆరిపోతుంది కాబట్టి ఎంత నాసి రౌటర్ అయినా మారుతుంది. డబ్బా వెనక ఉన్న సన్నటి ఫైబర్ తీగ పచ్చ కనెక్టర్‌ని మెల్లగా లాగాలి, కొన వేలికి తగలకుండా, తీగ మడతపడకుండా. `LOS` ఎర్రబడుతుంది. ఫోన్‌లో ఏదైనా సైట్ రిఫ్రెష్ చేస్తూ గడియారం చూడండి. అర నిమిషంలో నెట్ వస్తే మీ ఫెయిలోవర్ పనిచేస్తున్నట్టు. నిమిషం దాటినా రాకపోతే పింగ్ చూడటం లేదన్నమాట, లేదా డీఎన్‌ఎస్ అడ్డుపడుతోంది. తీగ మళ్లీ పెట్టి ఆ రెండూ చూసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇది. నలుగురైదుగురున్న ఇల్లు అయితే ముందు ఫెయిలోవర్ మాత్రమే పెట్టండి, ఒక నెల అలాగే ఉంచండి. రాత్రి 8 నుంచి 11 మధ్య రౌటర్ పేజీలో మెయిన్ లైన్ ట్రాఫిక్ గ్రాఫ్ నాలుగైదు రోజులు చూడండి. 100 ఎంబీపీఎస్ లైన్ మీద గీత 30, 40 దగ్గరే ఉంటే మీకు రెండో లైన్ వేగం కోసం అక్కర్లేదు, ఏమీ మార్చొద్దు. గీత పైకప్పుకి తగిలి పది పదిహేను నిమిషాలు అక్కడే పాకుతుంటే, ఎక్కువ తినే పరికరం ఏదో చూసి (ఇళ్లలో ఎక్కువగా అది టీవీయే) దాన్ని రూల్ రాసి రెండో లైన్‌కి పంపండి. మళ్లీ ఒక వారం చూడండి. అప్పటికీ పైకప్పుకి తగులుతుంటే, ఎవరు ఎక్కువ తింటున్నారో వేలుపెట్టి చూపించలేనంత మంది ఉంటే, లోడ్ బ్యాలెన్సింగ్ ఆన్ చేయండి. అదీ `sticky`తో, లైన్ల అంకెలు సరిగ్గా రాసి, ఆఫీస్ ల్యాప్‌టాప్‌నీ బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌నీ ఒక లైన్‌కి కట్టేశాకే.